సాగర్ నీళ్లు, జొన్నరొట్టె, వంగిన మోకాళ్లు

(గణాంకశాస్త్ర అధ్యాపకుడి స్మృతిలో నల్లగొండలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

సారు దగ్గర చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. సహసంబంధ గుణకం చాప్టర్ వచ్చిందంటే ఆయన సూత్రం తర్వాత రాసేవారు, ముందు చుక్కలు పెట్టించేవారు. గ్రాఫు కాగితం తేనివాడిని గోడ పక్కన నిలబెట్టేవారు. ఆయన పేరిట మాట్లాడే అవకాశం వచ్చింది గనక ఆ ఒక్క చాప్టరే తీసుకుంటాను. ఉదాహరణ కోసం దూరం పోవాల్సిన పని లేదు. మన జిల్లాలోనే, మన పిల్లల కాళ్ల మీదే ఒక పెద్ద వాదం నడిచింది.

నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందన్న సంగతి పాతదే. తెలుగు నేల మీద ఫ్లోరైడ్ తెచ్చే జబ్బును మొదట పట్టుకున్నది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. ఆ కాలపు వర్ణనల్లో ముఖ్యంగా కనిపించేది గారపళ్లు, బిగుసుకుపోయిన వెన్ను, వంగని మెడ. ఎముక గట్టిపడిపోయి మనిషి కొయ్యబారిపోతాడు. ఎక్కువగా పెద్దవయసు వాళ్లకు, ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లకు వచ్చేది.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో మరో రూపం గురించి రాశారు. ఈసారి కుర్రవాళ్లు. మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటాయి, పాదాలు ఎడంగా పోతాయి. వైద్యులు దీన్ని జెను వాల్గమ్ అంటారు. కాళ్ల ఎముకలు గట్టిపడటం పోయి గుల్లబారుతున్నాయి. ఎక్కువమంది మగపిల్లలు, కాయకష్టం చేసే ఇళ్లవాళ్లు, జొన్న ప్రధానంగా తినేవాళ్లు. అదే కాలంలో జిల్లాకు వచ్చిన పెద్ద మార్పు నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్లు వచ్చిన కొన్నేళ్లకే వంగిన మోకాళ్లు. 1975లో అనిల్ అగర్వాల్ న్యూ సైంటిస్ట్‌లో ఈ జబ్బును పెద్ద ఆనకట్టకు దేశం చెల్లించిన మూల్యంగా రాశారు. అప్పటి నుంచి ఆనకట్టల మీద రాసే పుస్తకాల్లో నల్లగొండ మోకాళ్లు ఒక వాక్యంగా స్థిరపడిపోయాయి. ఆ వాక్యంలో ఎంత నిలుస్తుంది, ఎంత నిలవదు అన్నదే ఈ సాయంత్రం ప్రశ్న. దానికి ముందు గుణకాన్ని చదవడం వచ్చి ఉండాలి.

అయిదు ఊళ్లు అనుకుందాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు, ఏ ఊరివీ కావు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1, 2, 3, 4, 5 మిల్లీగ్రాములు. గారపళ్లున్న పిల్లలు వరుసగా నూటికి 10, 20, 20, 40, 60 మంది. ఫ్లోరైడ్ సగటు 3, పిల్లల సగటు 30. ప్రతి ఊరూ ఈ రెండు సగటుల నుంచి ఎంత పక్కకు జరిగి ఉందో చూసి ఆ రెండు తేడాల్నీ గుణిస్తాం. మొదటి ఊరికి మైనస్ 2, మైనస్ 20, అంటే 40. రెండో ఊరికి 10, మూడోదానికి సున్నా, నాలుగోదానికి 10, అయిదోదానికి 60. మొత్తం 120. రెండూ కలిసి పెరుగుతూ, కలిసి తగ్గుతూ ఉంటే ఈ మొత్తం పెద్దదవుతుంది. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గేచోట మైనస్ అవుతుంది. తర్వాత దాన్ని రెండు వరుసల చెదురుతో భాగిస్తాం:

r = Σ(x − x̄)(y − ȳ) / √[ Σ(x − x̄)² · Σ(y − ȳ)² ] = 120 / √(10 × 1600) ≈ 0.95

భాగించడం వల్ల మిల్లీగ్రాములూ శాతాలూ అన్నీ రాలిపోయి, మైనస్ 1కీ 1కీ మధ్య ఉట్టి అంకె మిగులుతుంది. సౌకర్యం అదే, చిక్కూ అదే. పిల్లల సంఖ్యను పదో వంతుకు తగ్గించి 1, 2, 2, 4, 6 అని రాయండి. గుణకం మళ్లీ 0.95 వస్తుంది. మొదటి లెక్కలో ఒక్కో మిల్లీగ్రాముకు నూటికి 12 మంది చొప్పున పెరుగుతున్నారు, రెండోదాంట్లో ఒకరికి కాస్త పైన. ఊరి సర్పంచుకు కావలసింది ఆ తేడా. అది r లో కనిపించదు. చుక్కలు ఒక గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో r చెబుతుంది, ఆ గీత ఎంత నిటారుగా ఉందో చెప్పదు. 0.95 అంటే తొంభై అయిదు శాతం అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. వర్గం చేస్తే 0.90 వస్తుంది. ఊరికీ ఊరికీ మధ్య గారపళ్లలో ఉన్న తేడాల్లో పదింట తొమ్మిది వంతులు ఆ సరళరేఖతో సరిపోతున్నాయని దాని అర్థం. సరిపోవడం వేరు, దానివల్ల జరగడం వేరు.

సరళరేఖ అన్నమాట కూడా మరవకూడదు. ఫ్లోరైడ్ బాగా తక్కువైతే పిప్పిపళ్లు ఎక్కువవుతాయి, బాగా ఎక్కువైతే గారపళ్లు వస్తాయి. మొత్తం పంటి జబ్బుల్ని ఒకే లెక్కలో వేస్తే మధ్యలో లోతుగా, రెండు చివరలా ఎత్తుగా ఉండే వంపు రావచ్చు. దానికి r సున్నాకు దగ్గరగా వచ్చినా ఆశ్చర్యం లేదు. సారు ముందు చుక్కలు పెట్టించింది అందుకే.

ఇప్పుడు x, y తారుమారు చేయండి. గారపళ్లను కింద, ఫ్లోరైడ్‌ను పక్కన వేయండి. r మళ్లీ 0.95. పళ్లు గారపట్టడం వల్ల బావిలో ఫ్లోరైడ్ పెరిగింది అన్నా గుణకానికి అభ్యంతరం లేదు. ఏది ముందో ఏది వెనకో చెప్పే గుర్తు ఆ సూత్రంలో ఎక్కడా లేదు. కారణం అన్న మాట మనం బయటి నుంచి తెచ్చి అతికిస్తున్నాం. అతికించవద్దని నేను అనను. దేంతో అతికిస్తున్నామో తెలియాలి.

జొన్న దగ్గరకు వద్దాం. మళ్లీ ఊహా లెక్కే. రెండువందల మంది మగపిల్లలు. వందమంది కూలీల ఇళ్లవాళ్లు, వందమంది భూమీ బావీ పాడీ ఉన్న ఇళ్లవాళ్లు. కూలీల పిల్లల్లో 80 మంది జొన్న గటకో రొట్టో తింటారు, 20 మంది బియ్యం తింటారు. భూమి ఉన్నవాళ్లలో సరిగ్గా తిరగేసి: 20 మంది జొన్న, 80 మంది బియ్యం. ఏ తిండి తిన్నా కూలీల పిల్లల్లో నూటికి 20 మందికి మోకాళ్లు వంగాయనుకోండి, భూమి ఉన్న ఇళ్లలో నూటికి 5గురికి. జొన్న తినే కూలీల పిల్లల్లో 16 మంది, బియ్యం తినేవాళ్లలో 4గురు. అటువైపు జొన్న తినేవాళ్లలో ఒకరు, బియ్యం తినేవాళ్లలో 4గురు. ఇంటి ఆస్తిని పక్కన పెట్టి తిండి ఒక్కటే చూస్తే జొన్న తినే వందమందిలో 17 మందికి జబ్బు, బియ్యం తినే వందమందిలో 8 మందికి. రెట్టింపుకు పైగా. జొన్న దోషి అయిపోయింది. ఈ లెక్కలో జొన్న చేసింది ఏమీ లేదు, అయినా.

ఇక్కడ ఇంకో పాఠం దాగి ఉంది. జబ్బు ఉంటే 1, లేకపోతే 0, జొన్న తింటే 1, లేకపోతే 0 అని రాసి గుణకం కడితే వచ్చేది 0.14. పాఠ్యపుస్తకం పట్టిక ప్రకారం ఇది 'బలహీన సహసంబంధం'. రెట్టింపు జబ్బు మాత్రం బలహీనమైన సంగతి కాదు. జబ్బు అరుదైనదైతే, అవును-కాదు లెక్కల్లో గుణకం తరచు చిన్నగానే వస్తుంది. 0.3 లోపు వదిలేయండి, 0.7 పైన నమ్మండి అనే పట్టికలు పరీక్షలో మార్కులు తెస్తాయేమో గానీ మందుల షాపులో పనికిరావు.

మరి నిజంగా నల్లగొండలో జొన్న తినేవాడు, తినని వాడికంటే ఇంకెన్ని విషయాల్లో వేరుగా ఉన్నాడు? ఎండలో పని ఎక్కువ, అందుకని రోజుకు తాగే నీళ్లూ ఎక్కువ. నీళ్లు ఎక్కువైతే అదే బావి నుంచి ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. ఇంట్లో పాలు, పెరుగు తక్కువ, అంటే కాల్షియం తక్కువ. ఎముక ఎదిగే వయసులోనే బరువులు మోయడం. వీటిలో ఏది పనిచేసినా జొన్నకూ జబ్బుకూ మధ్య గుణకం ప్లస్‌లో వస్తుంది. పోషకాహార సంస్థవాళ్లకు ఇది తెలియక కాదు. అందుకే వాళ్లు గుణకం దగ్గర ఆగలేదు. వాళ్ల వాదనలో నాకు గౌరవం కలిగించే భాగం అదే.

వాళ్లు కట్టిన గొలుసు ఇది. రిజర్వాయరు ఊట వల్ల, కాలువ నీళ్ల వల్ల భూగర్భజలం పైకి వచ్చింది. నేల క్షారగుణం పెరిగింది. క్షారనేలలో మొక్క మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. జొన్న గింజలో మాలిబ్డినం పెరిగింది. అది ఎక్కువగా తిన్న మనిషి ఒంట్లోంచి రాగి బయటికి పోతుంది. రాగి తక్కువైన ఎముకకు ఫ్లోరైడ్ తోడైతే గుల్లబారి వంగుతుంది.

ఇందులో ప్రతి లంకెనూ విడిగా తట్టి చూడాలి. క్షారనేలలో మాలిబ్డినం పైరుకు ఎక్కువ అందుతుందన్నది వ్యవసాయ శాస్త్రంలో స్థిరపడిన విషయం. మాలిబ్డినం రాగికి శత్రువన్నది పశువుల విషయంలో చాలా ముందే తేలింది. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ పచ్చిక బయళ్లలో మేసిన ఆవులు పారుడు రోగంతో చిక్కిపోతుంటే, గడ్డిలో మాలిబ్డినం ఎక్కువని 1930లలో కనిపెట్టి, మైలుతుత్తం ఇచ్చి నయం చేశారు. మైలుతుత్తం రాగి లవణమే కదా. గింజల విషయంలో దేవస్థలే, కృష్ణమాచారి, బెలవాడి మోకాళ్ల జబ్బున్న ప్రాంతాల, లేని ప్రాంతాల వరి, జొన్న, సజ్జ గింజలు తెచ్చి రాగి, మాలిబ్డినం, జింకు కొలిచి 1977లో ప్రచురించారు. జబ్బున్నచోట జొన్నలో మాలిబ్డినం ఎక్కువ. ఇది మళ్లీ సహసంబంధమే, అయితే ముందుదానికంటే దగ్గరి సహసంబంధం.

రాగి లంకె దగ్గర మాత్రం వాళ్లు వేరే పని చేశారు. 1974లో దేవస్థలే, గోపాలన్ బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో రాసిన ప్రయోగం అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మాలిబ్డినం వేర్వేరు మోతాదుల్లో ఉన్న జొన్న ఆహారం పెట్టి మూత్రం పరీక్షించారు. మాలిబ్డినం పెరిగినకొద్దీ మూత్రంలో పోయే రాగి పెరిగింది. ఎవరు ఏ జొన్న తినాలో ఇక్కడ నిర్ణయించింది పేదరికమో, ఊరో, కులమో కాదు. పరిశోధకుడు నిర్ణయించాడు. అదే మనిషి, అదే నీళ్లు, అదే పని, మారింది గింజలోని లోహం ఒక్కటే. అందుకని ఇక్కడ 'వల్ల' అనే మాట వాడొచ్చు. జిల్లా అంతా తిరిగి వెయ్యిమందిని లెక్కించి కట్టిన గుణకానికి లేని హక్కు, కొద్దిమందితో చేసిన ఈ ప్రయోగానికి ఉంది.

కానీ హక్కు ఆ లంకె వరకే. మూత్రంలో రాగి పోవడానికీ, పదమూడేళ్ల పిల్లవాడి మోకాలు వంగడానికీ మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది. మొదటి లంకె, ఆనకట్ట వల్లే నేల మారి జొన్న మారిందన్నది, మరీ పలచన. దానికి ఆనకట్ట కట్టకముందు అదే పొలాల జొన్నలో మాలిబ్డినం ఎంతుందో కావాలి. కాలక్రమం మాత్రం అడ్డం రాదు. 1973లో పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్లున్న కుర్రవాడు 1967లో ఆరు నుంచి పన్నెండేళ్లవాడు, ఎముక ఎదిగే వయసు. కారణం ఫలితం కంటే ముందే ఉంది. అయితే 1967 తర్వాత నల్లగొండలో పెరిగింది కాలువ ఒక్కటేనా? కరెంటు మోటార్లు పెరిగాయి, బోర్లు పెరిగాయి, రోడ్లు పెరిగాయి, ఎక్స్‌రే తీసే ఆసుపత్రులూ పెరిగాయి. హైదరాబాదు నుంచి పరిశోధకులు రావడమూ పెరిగింది. వెతికేవాడు వస్తే కనిపించే జబ్బూ పెరుగుతుంది. కాలంతో పాటు పెరిగే ఏ రెండు వరుసల్ని తీసుకున్నా గుణకం 0.9 దాటడం వింత కాదని యూల్ అనే బ్రిటిష్ గణాంకవేత్త 1926లోనే చూపించాడు. అలాంటివాటికి అర్థంలేని సహసంబంధాలని పేరు కూడా పెట్టాడు.

ఆనకట్ట మాటను పరీక్షించాలంటే మన పొరుగునున్న పాలమూరు వైపు పోవాలి. అక్కడిదీ మన గ్రానైటు నేలే. అక్కడా జొన్న తిండి, అక్కడా ఫ్లోరైడ్ ఉన్న బావులు, అక్కడా కూలికి పోయే కుటుంబాలు. సాగర్ కాలువ మాత్రం అక్కడికి పోదు. కాలువే కారణమైతే, ఫ్లోరైడూ పేదరికమూ సమానంగా ఉన్న రెండు ఊళ్లలో కాలువ కింది ఊరికే ఈ మోకాళ్లు రావాలి. నల్లగొండలోనైనా దేవరకొండ వైపు మెట్ట ఊళ్లనూ మిర్యాలగూడ వైపు తరి ఊళ్లనూ ఇలా జతలు కట్టవచ్చు. ఒక్క షరతు. పోల్చాల్సింది పిల్లవాడిని పిల్లవాడితో, ఊరి సగటును ఊరి సగటుతో కాదు. ఊళ్ల చుక్కలు చెప్పేది మనుషులకు వర్తించకపోవచ్చు. అమెరికాలో వలసవచ్చినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో అక్షరాస్యత ఎక్కువగా ఉండేది. ఒక్కొక్క మనిషిని చూస్తే వలసవచ్చినవాళ్లలో చదువు తక్కువ. చదువున్న రాష్ట్రాలకే వాళ్లు బతుకుతెరువుకు పోవడం వల్ల ఈ చిత్రం వచ్చిందని 1950లో రాబిన్సన్ చూపించాడు. పాలమూరు కూలీలు ఎటు వలస పోతారో తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

గొలుసుకు గట్టి దెబ్బ ఇంకోచోట తగిలింది. మీరట్ వైద్యులు తియోతియా దంపతులు ఉత్తర భారతంలో ఫ్లోరైడ్ ప్రాంతాల పిల్లల్ని ఏళ్ల తరబడి చూశారు. ఆహారంలో కాల్షియం తక్కువైన చోట, ఫ్లోరైడ్ తాగే పిల్లల ఎముకలు ఇలాగే వంగుతున్నాయని వాళ్లు తేల్చారు. అంటే మోకాళ్లు వంగడానికి సాగరూ అక్కర్లేదు, మాలిబ్డినమూ అక్కర్లేదు. మరోవైపు మన నీళ్ల రసాయనమే ఒక చిక్కుముడి. గ్రానైటులోని ఫ్లోరైడ్ ఖనిజం నీళ్లలో ఎంత కరుగుతుందన్నది ఆ నీళ్లలో కాల్షియం ఎంతుందన్న దాని మీద ఆధారపడుతుంది. కాల్షియం ఎక్కువైతే రెండూ కలిసి పేరుకుపోతాయి, తక్కువైతే ఫ్లోరైడ్ నీళ్లలోనే మిగులుతుంది. అందుకే ఫ్లోరైడ్ ఎక్కువున్న బావుల్లో తరచు కాల్షియం తక్కువ, వాటి మధ్య గుణకం మైనస్. ఇప్పుడు ఊళ్లవారీగా ఫ్లోరైడ్‌కూ వంకర కాళ్లకూ గుణకం కడితే, అందులో ఫ్లోరైడ్ వాటా ఎంత, కాల్షియం లోటు వాటా ఎంత? ఒక్క r ఆ రెంటినీ విడదీయలేదు.

ఇదంతా విని ఫ్లోరైడ్ మీద కేసు కూడా వీగిపోయిందని ఎవరూ ఇంటికి పోవద్దు. గారపళ్ల విషయంలో సాక్ష్యం వేరే జాతిది. అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊళ్లో పిల్లల పళ్లన్నీ గోధుమరంగు మచ్చలు. పళ్ల వైద్యుడు మెకే సలహా మీద 1925లో ఆ ఊరివాళ్లు పాత నీళ్లు మాని వేరే ఊట నుంచి గొట్టం వేసుకున్నారు. అప్పటికి నీళ్లలో దోషం ఏమిటో మెకేకు కూడా తెలియదు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు తెల్లటి పళ్లు వచ్చాయి. ఆ దోషం ఫ్లోరైడేనని చర్చిల్ అనే రసాయనవేత్త 1931లో బాక్సైట్ అనే ఊరి నీళ్లు పరీక్షించి తేల్చాడు. ఓక్లీలో అదే ఊరు, అవే ఇళ్లు, అదే తిండి, మారింది నీళ్లు. మొదట గుణకంగా కనిపించిన బంధం, ఎవరో చెయ్యి పెట్టి ఒక వైపు మార్చాక కూడా నిలబడింది. ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ మన జిల్లా పేరుతోనే నల్లగొండ టెక్నిక్ అని పిలిచింది కదా. దాని వెనక ఉన్నది అంకె మీది నమ్మకం కాదు, ఇలాంటి సాక్ష్యమే.

ఇక్కడున్న అధ్యాపకులకు ఒక విజ్ఞప్తి. ప్రతి ఏడూ మన డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు కోసం ఊరి నీళ్ల పరీక్షల అంకెలు తెచ్చి గుణకం కట్టి 'అందువల్ల' అని ముగిస్తారు. ఆ మాట రాసేముందు చుక్కల పటం అడగండి. జబ్బున్నవాడు, లేనివాడు ఇంకే విషయంలో వేరుగా ఉన్నారో అడగండి. ఎవరైనా చెయ్యి పెట్టి మార్చి చూశారా అని అడగండి. సమాధానం లేకపోతే 'కలిసి కనిపించాయి' అని రాయించండి, మార్కులు తగ్గించకండి. సాగర్ మోకాళ్ల విషయంలో నా తీర్పు ఇది: తాగేనీళ్లు మార్చమని ప్రభుత్వాన్ని నిలదీయడానికి మన దగ్గరున్న సాక్ష్యం సరిపోతుంది. పిల్లలకు పాలూ పెరుగూ అందేట్టు చూడమనడానికీ సరిపోతుంది. ఆనకట్టే మోకాళ్లు వంచిందని రాయడానికి సరిపోదు, జొన్నరొట్టె మానమని ఏ తల్లికైనా చెప్పడానికి అసలే సరిపోదు.